గబ్బిలం గుడ్డిది కాదు



ఈ నెల గోడపత్రికలో సైన్సు భాగం రాసే పని నాకు వచ్చింది. నేను గబ్బిలం గురించి రాస్తున్నాను. ఎందుకంటే మన స్టోర్ రూం వెనక వరండాలో, రేకుకూ గోడకూ మధ్య సందులో గబ్బిలాలు ఉన్నాయి. వాటికి పొగ పెట్టి వెళ్ళగొట్టాలని కొందరు అంటున్నారు. "అవి గుడ్డివి, మొఖం మీద పడతయి, జుట్టులో చిక్కుకుంటయి" అని చిన్న తరగతుల పిల్లలు భయపడుతున్నారు. వెళ్ళగొట్టాలా వద్దా అనేది పెద్దవాళ్ళు చెప్పాలి. కానీ చెప్పే ముందు అది ఏం జీవి, ఎట్ల బతుకుతది అనేది మనందరికీ తెలిసి ఉండాలి కదా.

ముందుగా ఒక ప్రశ్న. నాచారం పెద్ద చెరువు మీద, ఉప్పల్ నల్ల చెరువు మీద పొద్దు గూకినాక చిన్న చిన్న గబ్బిలాలు తిరుగుతయి. ఒక్కొక్కటి మన బొటనవేలు అంత ఉంటది. బరువు 5 గ్రాములు అటూ ఇటూ. వీటిని పిపిస్ట్రెల్ గబ్బిలాలు అంటారు. ఇవి పండ్లు తినవు. దోమలు, చిన్న ఈగలు, రెక్కల పురుగులు తింటయి. అమావాస్య నాడు కూడా తింటయి. మనకు చెయ్యి చాపితే చెయ్యి కనపడని చీకట్లో, ఎగిరే గబ్బిలం ఎగిరే దోమను ఎట్ల పట్టుకుంటది?

ఈ ప్రశ్న మనకంటే ముందు ఇటలీ దేశంలో స్పల్లంజాని అనే శాస్త్రవేత్తకు వచ్చింది. అది 1793వ సంవత్సరం. ఆయన ఒక గుడ్లగూబను గదిలో వదిలి కొవ్వొత్తి ఆర్పేసిండు. పూర్తి చీకటి అయ్యేసరికి గుడ్లగూబ వస్తువులకు తగిలింది. గబ్బిలాన్ని అట్లనే వదిలితే అది దేనికీ తగలకుండా తిరిగింది. తర్వాత ఆయన కొన్ని గబ్బిలాల కళ్ళు తీసేసి వదిలేసిండు. చదివినప్పుడు నాకు బాధ కలిగింది, ఇప్పుడు ఎవరూ అట్ల చేయరాదు. కొన్ని రోజుల తర్వాత ఆ గుడ్డి గబ్బిలాలలో కొన్ని చర్చి గంటల గోపురంలో మళ్ళీ దొరికినయి. వాటి కడుపు కోసి చూస్తే మిగతా గబ్బిలాల లెక్కనే పురుగులతో నిండి ఉన్నది. అంటే కళ్ళు లేకున్నా వేట ఆగలేదు. అదే కాలంలో స్విట్జర్లాండులో జురీన్ అనే డాక్టరు గబ్బిలాల చెవులు మూసి చూసిండు. అప్పుడు అవి వస్తువులకు తగులుకున్నయి.

కళ్ళు పోయినా ఎగరగలదు, చెవులు మూస్తే ఎగరలేదు. కానీ గబ్బిలం ఎగిరేటప్పుడు మనకు ఏ శబ్దమూ వినపడదు. శబ్దం లేకుండా చెవి ఏం చేస్తది? దీనికి జవాబు దొరకడానికి దాదాపు 145 సంవత్సరాలు పట్టింది. 1938లో అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో గ్రిఫిన్ అనే విద్యార్థి గబ్బిలాలను పంజరంలో పెట్టుకుని ప్రొఫెసర్ పియర్స్ దగ్గరకు పోయిండు. మనిషి చెవికి వినపడని శబ్దాలను పట్టే యంత్రం ఆయన తయారు చేసి ఉన్నాడు. దాని ముందు పెట్టగానే తెలిసింది ఏమంటే, గబ్బిలం మౌనంగా లేదు. అది అరుస్తనే ఉన్నది. మనకే వినపడతలేదు. 1944లో గ్రిఫిన్ ఈ విద్యకు ఎకోలొకేషన్ అని పేరు పెట్టిండు. అంటే ప్రతిధ్వనితో చోటు తెలుసుకోవడం.

ఇప్పుడు మన ధ్వని పాఠం గుర్తు చేసుకోండి. మనిషి చెవి ఒక సెకనులో 20 నుంచి 20,000 కంపనాల వరకు వింటది. పిపిస్ట్రెల్ గబ్బిలం అరుపులో సెకనుకు 40,000, 50,000 కంపనాలు, ఇంకా ఎక్కువ కూడా ఉంటయి. అందుకే మనకు వినపడదు. అంత సన్నటి గొంతుతో ఎందుకు అరవాలి, మామూలుగా అరిస్తే కాదా అని అడగొచ్చు. కాదు. కారణం లెక్క చేస్తే తెలుస్తది.

తరంగదైర్ఘ్యం కావాలంటే ధ్వని వేగాన్ని పౌనఃపున్యంతో భాగించాలి. గాలిలో ధ్వని వేగం సెకనుకు 340 మీటర్లు అనుకుందాం. మనం పిలిచే గొంతు 500 కంపనాలు అనుకుంటే, 340ని 500తో భాగిస్తే 0.68 మీటరు, అంటే 68 సెంటీమీటర్లు. ఇంత పెద్ద అల ముందు దోమ ఎంత? వాగులో నీళ్ళు చిన్న గడ్డిపోచ పక్క నుంచి పోయినట్టు ఆ అల దోమను దాటి పోతది, వెనక్కు రాదు. అదే 50,000 కంపనాలు అయితే 340ని 50,000తో భాగిస్తే 0.0068 మీటరు, అంటే 7 మిల్లీమీటర్లు కూడా లేదు. ఇది దోమ, రెక్కల పురుగు అంత కొలత. అట్లాంటి అల పురుగుకు తగిలితే కొంత వెనక్కు తిరిగి వస్తది. ఆ తిరిగి వచ్చినదే గబ్బిలానికి కబురు.

ఇప్పుడు ఒక వేట మొదటి నుంచి చివరి దాకా చూద్దాం. నాచారం చెరువు మీద ఒక పిపిస్ట్రెల్ సెకనుకు సుమారు 5 మీటర్ల వేగంతో ఎగురుతున్నది అనుకోండి.

మొదట అది వెతుకుతది. ఈ సమయంలో సెకనుకు సుమారు 10 అరుపులు అరుస్తది. రెక్క ఒకసారి కొట్టేటప్పుడు ఊపిరి బయటికి వస్తది కదా, ఆ ఊపిరితోనే ఒక అరుపు. అందుకే దానికి ఎక్కువ శ్రమ ఉండదు. అరుపు చాలా గట్టిగా ఉంటది. మనకు వినపడితే చెవులు మూసుకునేవాళ్ళం. తన అరుపుకు తన చెవే చెడిపోకుండా, అరిచే ముందు చెవి లోపలి చిన్న కండరం బిగుసుకుంటది. అరుపు కాగానే వదులవుతది. అప్పుడు సన్నటి ప్రతిధ్వని వినపడతది.

ముందు 3.4 మీటర్ల దూరంలో ఒక పురుగు ఉంది. అరుపు అక్కడిదాకా పోవడానికి సెకనులో 100వ వంతు, తిరిగి రావడానికి ఇంకో 100వ వంతు. మొత్తం 0.02 సెకను. పురుగు 1.7 మీటర్లలో ఉంటే 0.01 సెకను. 17 సెంటీమీటర్లలో ఉంటే 0.001 సెకను. అంటే ప్రతిధ్వని ఎంత తొందరగా వస్తే పురుగు అంత దగ్గర ఉన్నట్టు. గబ్బిలం లెక్కలు రాయదు కానీ దాని మెదడు ఈ తేడాను పట్టుకుంటది. మన పుస్తకంలో ప్రతిధ్వని విడిగా వినాలంటే గోడ కనీసం 17 మీటర్ల దూరం ఉండాలి అని చదువుకున్నాం. అది మనిషి చెవికి చెప్పిన లెక్క. గబ్బిలం అదే పని 17 సెంటీమీటర్లలో కూడా చేస్తది.

పురుగు ఎడమ వైపు ఉందా, కుడి వైపు ఉందా అనేది రెండు చెవులతో తెలుస్తది. ఎడమ వైపు ఉంటే ఎడమ చెవికి ప్రతిధ్వని కొంచెం ముందు, కొంచెం గట్టిగా వస్తది. చీకట్లో మనల్ని ఎవరన్నా పిలిస్తే ఏ పక్క నుంచి పిలిచారో మనకు తెలుస్తది కదా, అదీ ఇట్లనే.

పురుగు ఉందని తెలిసినాక గబ్బిలం తిన్నగా దాని వైపు తిరుగుతది. ఇప్పుడు ఒక చిక్కు వస్తది. వెతికేటప్పుడు దాని అరుపు పొడుగు సుమారు 0.005 సెకను. ఈ సమయంలో ధ్వని 1.7 మీటర్లు పోతది. పోవడం రావడం రెండూ కలిపి లెక్క కాబట్టి, పురుగు అందులో సగం, అంటే 85 సెంటీమీటర్ల కంటే దగ్గరికి వస్తే, అరుపు అయిపోకముందే ప్రతిధ్వని వచ్చి కలిసిపోతది. మేడం పేర్లు పిలుస్తుండగానే అందరూ ఒకేసారి "ప్రజెంట్" అంటే ఎవరు వచ్చారో తెలియదు కదా, అట్లుంటది. అందుకని దగ్గరికి పోయిన కొద్దీ గబ్బిలం అరుపును చిన్నగా చేస్తది. అరుపుకూ అరుపుకూ మధ్య సమయం కూడా తగ్గిస్తది. సెకనుకు 10 అరుపులు ఉన్నవి 30, 50, 100 అయితయి. ఆఖరున పురుగు మూతి ముందుకు వచ్చినప్పుడు సెకనుకు 150 దాటుతయి. దీన్ని శాస్త్రవేత్తలు ఆఖరి జుయ్ అనే చప్పుడుగా చెబుతారు. పురుగు చివరి క్షణంలో పక్కకు తప్పుకున్నా తెలియాలి కాబట్టి అంత గబగబా అడగాలి.

పట్టుకునేది నోటితో అనుకుంటాం కానీ చాలాసార్లు ముందు రెక్కతో గానీ, తోకకూ కాళ్ళకూ మధ్య ఉన్న చర్మంతో గానీ పడతది. ఆ చర్మం చిన్న జోలె లెక్క వంగుతది. పురుగు అందులో పడ్డాక తల వంచి నోటితో తీసుకుంటది. కిందపడకుండా ఎగురుతనే నములుతది. చెరువు మీద గబ్బిలం ఉన్నట్టుండి పల్టీ కొట్టినట్టు కనపడితే అది పడిపోవడం కాదు, పురుగును తీసుకోవడం. 3.4 మీటర్ల నుంచి ఇదంతా అయ్యేసరికి సెకను కూడా పట్టదు. 5 మీటర్ల వేగంతో లెక్క వేసుకోండి, 0.7 సెకను అంతే.

మరి ప్రతిసారి దొరుకుతదా? దొరకదు. కొన్ని రెక్కల పురుగులకు చెవులు ఉన్నాయి. దీపం చుట్టూ తిరిగే రాత్రి పురుగులలో చాలా జాతులు గబ్బిలం అరుపును వింటయి. ఇక్కడ పురుగుకు ఒక లాభం ఉంది. పురుగు వినేది నేరుగా వచ్చే గట్టి అరుపు. గబ్బిలం వినేది పోయి తగిలి తిరిగి వచ్చే సన్నని ప్రతిధ్వని. అందుకని గబ్బిలం పురుగును తెలుసుకునే ముందే పురుగు గబ్బిలాన్ని తెలుసుకుంటది. దూరంగా ఉంటే దారి మార్చుకుని పోతది. మరీ దగ్గరికి వస్తే రెక్కలు ముడిచి రాయి లెక్క కింద పడతది. ఉప్పల్ రింగ్ రోడ్డు దీపాల దగ్గర పురుగులు ఉన్నట్టుండి గిర్రున తిరిగి కింద రాలడం చూస్తే, పైన గబ్బిలం ఉందేమో చూడండి.

ఇప్పుడు అసలు మాటకు వద్దాం. చెవితో ఇంత పని చేస్తే కళ్ళు ఎందుకు? గుడ్డిదే కదా అంటారు. కాదు. గబ్బిలానికి రెండు కళ్ళు ఉన్నయి, అవి పని చేస్తయి. పిపిస్ట్రెల్ కళ్ళు ఆవగింజ కంటే పెద్దగా ఉండవు, బొచ్చులో సరిగా కనపడవు. అందుకే లేవనుకుంటాం.

కళ్ళు కావలసిన కారణం ధ్వనిలోనే ఉంది. ఎక్కువ కంపనాలున్న ధ్వని గాలిలో తొందరగా తగ్గిపోతది. చిన్న పురుగు నుంచి ప్రతిధ్వని కొన్ని మీటర్ల దాకే తెలుస్తది. పెద్ద చెట్టు అయితే ఇంకొంత దూరం. కానీ ఒక కిలోమీటరు దూరంలో ఉన్న గుట్ట, చెరువు మెరుపు, వీధి దీపాల వరుస, ఆకాశంలో మిగిలిన వెలుగు – ఇవి ప్రతిధ్వనికి అందవు. వీటికి కన్నే కావాలి. ఇంకో రుజువు మన వరండాలోనే ఉంది. సాయంత్రం సందులో నుంచి బయటకు వచ్చే ముందు గబ్బిలాలు అంచు దాకా వచ్చి మళ్ళీ లోపలికి పోతయి, మళ్ళీ వస్తయి. బయట వెలుగు ఎంత తగ్గిందో చూసుకుంటయి. వెలుగు ఉండగా వస్తే కాకులు, డేగలు పడతయి. గుడ్డిదానికి పొద్దు పోయిందో లేదో వెలుగుతో ఎట్ల తెలుస్తది?

మర్రి, చింత, రావి చెట్లకు తలకిందులుగా వేలాడే పెద్ద గబ్బిలాలు ఉన్నాయి కదా, అవి వేరు. వాటికి నక్క మూతి, పెద్ద కళ్ళు ఉంటయి. అవి పండ్లు తింటయి. అవి ఈ ప్రతిధ్వని విద్యతో వేటాడవు. రాత్రి పూట కళ్ళతో చూసి, వాసన పట్టి పండును వెతుక్కుంటయి. కాబట్టి "గబ్బిలాలన్నీ గుడ్డివి" అనే మాట వీటి విషయంలో ఇంకా పెద్ద తప్పు.

ప్రతిధ్వనికి కూడా మోసపోయే చోటు ఉంది. అద్దం. సన్నగా పక్క నుంచి టార్చి లైటు అద్దం మీద వేస్తే వెలుగు మన దగ్గరకు రాదు, అవతలి వైపు పోతది. నున్నటి గోడ, అద్దం మీద ధ్వని కూడా అంతే. గబ్బిలం పక్కగా వస్తుంటే అరుపు తిరిగి రాకుండా ముందుకు జారిపోతది. ప్రతిధ్వని రాలేదు కాబట్టి అక్కడ ఖాళీ ఉంది, దారి ఉంది అనుకుంటది. 2017లో జర్మనీ శాస్త్రవేత్తలు చీకటి దారిలో నున్నటి పలక నిలబెట్టి 21 గబ్బిలాలను వదిలితే 19 కనీసం ఒక్కసారైనా తగులుకున్నయి. అదే పలకను నేల మీద పరిచితే తగులుకోలేదు. నున్నగా పరుచుకుని ఉన్నది నీళ్ళు అనుకుంటయి అని వాళ్ళు అంతకుముందే కనుక్కున్నారు. ఉప్పల్ లో ఇప్పుడు అద్దాల బిల్డింగులు చాలా వస్తున్నయి. అద్దం కింద పడి ఉన్న గబ్బిలాన్ని చూసి గుడ్డిదని అనకండి. దాని చెవి మోసపోయింది.

ఇవన్నీ ఎట్ల తెలుస్తయి అంటే, ఇప్పుడు బ్యాట్ డిటెక్టర్ అనే చిన్న యంత్రం ఉంది. గబ్బిలం అరుపును రికార్డు చేసి 10 రెట్లు నెమ్మదిగా వినిపించవచ్చు. 45,000 కంపనాల అరుపు 4,500 అవుతది, మనకు పిట్ట కూతలా వినపడతది. ఒక్కో జాతి అరుపు ఒక్కో తీరుగా ఉంటది కాబట్టి, పట్టుకోకుండానే అది ఏ గబ్బిలమో చాలాసార్లు చెప్పవచ్చు. మనకు దగ్గరలోనే, తార్నాక పక్కన ఉస్మానియా యూనివర్సిటీ ప్రాణిశాస్త్రం విభాగంలో డాక్టర్ భార్గవి శ్రీనివాసులు గారు, డాక్టర్ చెల్మల శ్రీనివాసులు గారు చాలా ఏళ్ళు గబ్బిలాల మీద పరిశోధన చేశారు. కర్ణాటకలో కోలార్ దగ్గర హనుమనహళ్ళి గుహలో మాత్రమే మిగిలిన ఒక ఆకుముక్కు గబ్బిలం జాతిని కాపాడడానికి కూడా వాళ్ళు పని చేశారు.

ఇక మన హాస్టల్ సంగతి. జుట్టులో చిక్కుకుంటది అనే భయం వద్దు. పరీక్షల్లో గబ్బిలాలు చీకటి గదిలో కట్టిన, 1 మిల్లీమీటరు కంటే సన్నటి తీగలను కూడా తప్పించుకుని పోయినయి. మన తల దానికి కొండ లెక్క తెలుస్తది. తల మీదుగా పోయేది మన చుట్టూ మూగిన దోమల కోసం. గబ్బిలాలు ఉంటే దోమలు పూర్తిగా పోతయి అని నేను అనను, మనం దోమతెర కట్టుకోవాల్సిందే. కానీ అవి తినే పురుగులు అవి తింటనే ఉన్నయి.

పొగ పెట్టడం ఎందుకు వద్దంటే, తల్లులు ఎగిరిపోగలవు, పిల్లలు ఎగరలేవు. గబ్బిలం పిట్ట కాదు, పాలిచ్చే జంతువు. చిన్న గబ్బిలం పిల్లలు ఎగరడానికి సుమారు నెల రోజులు పడతది. పొగ పెడితే పిల్లలు సందులోనే చస్తయి, తర్వాత వాసన మనకే. ఆ సందు మూయాలనే అనుకుంటే, పిల్లలు ఎగిరిపోయినాక, రాత్రి అన్నీ బయటకు పోయిన వేళ చూసి మూయించవచ్చు. లోపల ఒక్కటి కూడా లేదని చూసుకున్నాకనే మూయాలి. ఈ మాట వార్డెన్ మేడం గారు ఆలోచించాలని కోరుతున్నాను.

ఒకవేళ రాత్రి గబ్బిలం మన రూంలోకి వస్తే చీపురుతో కొట్టకండి. మొదట ఫ్యాను ఆపండి, ఎందుకంటే ఫ్యాను రెక్కకు తగిలి అది చస్తది. లైటు ఆర్పి, కిటికీలు తెరిచి, వరండా తలుపు దగ్గరకు వేసి బయటకు రండి. కొంచెం సేపటికి దారి దొరికించుకుని అదే పోతది. కింద పడి ఉన్నదాన్ని ఒట్టి చేతులతో అసలే పట్టుకోకండి. అది అడవి జంతువు, భయంతో కరుస్తది, దాని నుంచి రోగాలు రావచ్చు. కరిచినా, గీరినా సబ్బుతో నీళ్ళ కింద 15 నిమిషాలు కడిగి, దాచిపెట్టకుండా వెంటనే మేడంకు చెప్పి ఆసుపత్రికి పోవాలి. చెట్టు కింద పడిన, గబ్బిలం కొరికిన పండ్లు కూడా తినకూడదు.

కన్ను చిన్నదని గుడ్డిది అన్నాం. మనకు వినపడలేదని మూగది అన్నాం. రెండూ కాదని ఇప్పుడు తెలిసింది. నమ్మకం లేనివాళ్ళు సాయంత్రం స్టడీ అవర్ గంటకు ముందు వరండా చివర నిలబడి, చప్పుడు చేయకుండా ఆ సందు అంచు వైపు చూడండి.

– 9వ తరగతి విద్యార్థిని